టేపు పట్టుకున్న తోడల్లుడు

మా తోడల్లుడి గురించి రాయడానికి నాకంటే తగినవాడు ఇంకొకడు దొరకడు. పన్నెండేళ్లుగా నేను అతన్ని చూసినంత శ్రద్ధగా అతని కన్నతల్లి కూడా చూసుండదు. ఆవిడ ప్రేమతో చూసింది కాబట్టి కొన్ని వదిలేసి ఉంటుంది. నేను కుళ్లుతో చూశాను. అతని చొక్కాకి ఏ రోజు ఏ గుండీ ఊడిందో కూడా నాకు తెలుసు. పైకి 'అతను' అంటాను గానీ మనసులో 'వాడు' అనే అనుకుంటాను. ముందే చెప్పేస్తే మంచిదని చెబుతున్నాను.

అతను నా భార్య చెల్లెలి మొగుడు. మా మామగారికి చిన్నల్లుడు. నేను పెద్దల్లుణ్ణి. నాది టీవీలు బాగుచేసే, అమ్మే షాపు. అతనిది కంప్యూటర్ల షాపు. రెండూ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో ఒక ఆటో, ఒక సైకిలు పట్టేంత దారి. అంత ఊరు ఉండగా నా ఎదురుగానే ఎందుకు పెట్టావని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే 'మీరున్నారన్న ధైర్యంతో అన్నయ్యా' అంటాడని భయం. అలాంటి జవాబులు చెప్పి ఎదుటివాడి నోరు మూయించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

పెళ్లినాటికి అతను దర్జీ. తండ్రి మిషను, తండ్రి కత్తెర, తండ్రి కొట్టు. రెడీమేడు బట్టలొచ్చి కొట్టు ఈగలు తోలుకుంటుంటే, పక్కనున్న ఇంటర్నెట్ కేంద్రంలో పాడైన కంప్యూటర్లు విప్పి చూడ్డం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్ల వయసులో పిల్లల పక్కన కూర్చుని కోర్సు చేశాడు. కొన్నాళ్లకి మిషను అమ్మేశాడు, కత్తెర అటక మీద పెట్టాడు, మెడలో టేపు మాత్రం తీయలేదు. ఇప్పటికీ కంప్యూటర్ల షాపులో మెడకి కొలత టేపు వేలాడేసుకుని కూర్చుంటాడు. అందుకే వీధిలో అందరూ అతన్ని 'టేపాయన' అంటారు. నన్ను మాత్రం 'టీవీ షాపతను' అంటారు. నాకొక ముద్దుపేరు పెట్టాలని ఇరవై రెండేళ్లలో ఎవరికీ తోచలేదు.

ఆ టేపుతో అతను చేసే పని చూస్తే నాకు ఒళ్లు మండేది. ఎవరైనా వచ్చి 'ఏ స్క్రీను మంచిదండీ' అని అడిగితే, ఏ వ్యాపారస్తుడైనా ఏం చేస్తాడు? ఒకటి చూపించి ఇదే మంచిదంటాడు. ఇతను అలా అనడు. 'ఎక్కడ కూర్చుంటారు? బల్ల ఎంత వెడల్పు? చదవడానికా, చూడ్డానికా?' అని అడుగుతాడు. ఆ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి దగ్గర్నుంచి బల్ల మీదకి టేపు లాగుతాడు. పెళ్లికొడుక్కి కోటు కొలత తీసుకున్నంత మర్యాదగా తీసుకుంటాడు. ఆ మర్యాదకి జనం కరిగిపోతారు. అతని షాపు ముందు ఒక చెక్క బెంచీ ఉంది. దాని మీద ఎప్పుడు చూసినా ఇద్దరో ముగ్గురో కూర్చుని ఉంటారు. మా ఆవిడ ఒకసారి టిఫిను డబ్బా ఇవ్వడానికొచ్చి నిలదీసింది. "మీ చూపు చేతిలో ఉన్న టీవీ మీదుందా, ఎదురు బెంచీ మీదుందా?" అంది. నేను బెంచీ మీద నలుగురున్నారని చెప్పాను.

ఒకప్పుడు నా షాపు ముందూ అలాగే ఉండేది. డబ్బా టీవీల రోజుల్లో మెకానిక్ ఇంటికొస్తున్నాడంటే డాక్టరుగారు వస్తున్నట్టే. ఫ్యాను నా వైపు తిప్పేవాళ్లు. వెనక మూత విప్పుతుంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. మా మామగారు నాకు పిల్లనిచ్చింది కూడా అలా వాళ్లింటి టీవీ మూత విప్పినప్పుడే. ఇప్పుడు టీవీ పలక పగిలితే బాగుచేసేదేం లేదు, కొత్తది కొనుక్కోవడమే. నేను బాగుచేసేవాణ్ణి కాస్తా అమ్మేవాణ్ణయ్యాను. సరిగ్గా అదే సమయంలో చిన్నల్లుడు ఎదురుగా బోర్డు కట్టాడు. మామగారు పొద్దున నడకకి వచ్చి ముందు నా షాపులో కూర్చునేవారు. తర్వాత్తర్వాత నన్ను పలకరించి అతని బెంచీ మీద కూర్చోవడం మొదలుపెట్టారు. అక్కడ ఎండ తగలదట. నిజమే, పొద్దుటెండ నా షాపు వైపే పడుతుంది. సూర్యుడు కూడా నా వైపు లేడన్నమాట.

నా పనిలో ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని మీదే నడిచింది. నాకు పని నేర్పిన గురువుగారు ఒకే మాట వందసార్లు చెప్పేవారు. "తెర అంచున నలుపు కనపడకూడదురా. నలుపు కనపడిందంటే మెకానిక్‌కి చేతకాదని అర్థం." పాత టీవీల్లో బొమ్మ అంచులు వంకర్లు పోయి, వణుకుతూ ఉండేవి. అందుకని బొమ్మని తెరకంటే కాస్త పెద్దది చేసి, అంచులు చట్రం వెనక్కి పోయేట్టు సర్దేవాళ్లం. నాలుగువైపులా కొంచెం బొమ్మ పోయేది. పోతే పోయింది, సినిమాలో అంచున ఏముంటుంది? ఒక చెట్టు కొమ్మో, ఒక గోడో. ఇరవై రెండేళ్లు నేను అంచులు దాచుకుంటూ బతికాను.

ఆ రోజు మధ్యాహ్నం మా బావమరిది కూతురు వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ఇంట్లో అందరం 'అమ్మడు' అంటాం. దాని లాప్‌టాప్ తెర పగిలింది. మిగతా అంతా పనిచేస్తోంది, తెర మాత్రం సగం నలుపు, సగం చారలు.

"పెద్దమామయ్యా, ఒక సందేహం," అంది స్టూలు మీద కూర్చుంటూ. "లాప్‌టాప్‌కి బయట ఇంకో తెర తగిలించుకోవాలి. మానిటర్ మంచిదా, చవక టీవీ మంచిదా? పొద్దున ఆన్‌లైన్ క్లాసులు వినాలి. మధ్యాహ్నం టైపింగ్ పని."

"టైపింగ్ పనేంటి?"

"పాత పుస్తకాల పేజీలు ఫోటోలు తీసి పంపిస్తారు. చూసి టైపు చేసివ్వాలి. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు. ముందు ఒక పరీక్ష పెడతారు, వచ్చే సోమవారం. అది నెగ్గితే పని ఇస్తారు. అప్పుడు చదువు ఆపాల్సిన పని ఉండదు. నాన్న ఈ ఏడాదితో చాలించమంటున్నాడు కదా."

ఆ మాట నాకు తెలిసిందే. మా బావమరిది మంచివాడే కానీ దాని చదువు విషయంలో మాత్రం మొండివాడు. పిల్ల గొంతులో ఆ సోమవారం ఎంత బరువుగా ఉందో నాకు వినిపించింది. కానీ అంతకంటే గట్టిగా వినిపించింది ఇంకొకటి. ఇది ముందు నా దగ్గరకొచ్చింది. కంప్యూటర్‌కి సంబంధించిన ప్రశ్న పట్టుకుని, ఎదురుగా కంప్యూటర్ షాపు పెట్టుకుని, నా దగ్గరకొచ్చింది. నా గుండె చొక్కాలో పట్టలేదు.

"టీవీయే మంచిది," అన్నాను, ఆలోచించకుండానే. "పెద్ద తెర. మాట కూడా అందులోంచే వస్తుంది."

"సరే మామయ్యా. చిన్నమామయ్యని కూడా ఒకసారి అడిగొస్తా," అని లేచి దారి దాటింది.

నేను అద్దం తుడిచే నెపంతో గుమ్మంలో నిలబడ్డాను. అనుకున్నదే అయింది. అతను దాన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు, మెడలో టేపు తీశాడు, దాని కంటి నుంచి బల్ల మీదకి లాగాడు. మా అమ్మడు నవ్వుతోంది. నా దగ్గర అది నవ్వలేదు. నవ్వే మాట నేనేం చెప్పాను కనక? అయినా మండింది.

కాసేపటికి ఇద్దరూ నా దగ్గరకే వచ్చారు. ఏ నిర్ణయమైనా పెద్దల్లుడి ముందే జరగాలన్నట్టు వినయంగా నిలబడటం అతనికి అలవాటు. ఆ వినయమంటే నాకు మరీ గిట్టదు.

"అన్నయ్యా, అమ్మడి బల్ల వెడల్పు రెండడుగులట. అంత దగ్గర కూర్చుంటే టైపింగ్‌కి మానిటరే నయం అనిపిస్తోంది. క్లాసులకి మాత్రమే అయితే మీరన్నట్టు టీవీయే హాయి, దూరంగా కూర్చుని చూసుకోవచ్చు, వినిపిస్తుంది కూడా. మానిటర్‌లో చాలావాటికి స్పీకరు ఉండదు, ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. కానీ అక్షరాలతో పని కదా. చవక టీవీలో తెర పెద్దది గానీ బొమ్మని కట్టే చుక్కలు తక్కువ. మూరెడు గుడ్డని సాగదీసి బారెడు చేసినట్టు. దగ్గర్నుంచి చూస్తే అక్షరం అంచులు పలచబడతాయి. ఇరవై రెండు అంగుళాల మానిటరయితే చిన్నదైనా చుక్కలు ఎక్కువ, అక్షరం గట్టిగా ఉంటుంది."

ఇందులో ఒక్క ముక్క కూడా తప్పు కాదు. అదే నా బాధ. తప్పు చెబితే తిట్టేవాణ్ణి.

"అయితే ఇవాళే ఇస్తావా?" అన్నాను.

"నా దగ్గర ఇప్పుడు లేదన్నయ్యా. తెప్పించాలి. వారం పడుతుంది."

వారం. సోమవారం ఐదు రోజుల్లో ఉంది. నాకు రెక్కలొచ్చాయి. "వారం తర్వాత పరీక్ష రాస్తుందా అది? నేను సాయంత్రమే బిగిస్తా. ముప్పై రెండు అంగుళాలు. నా కోడలికి నేను కొన్న ధరకే," అన్నాను. అమ్మడు అతని వైపు చూసింది. అతను టేపు చుట్టుకుంటూ తలూపాడు. "తొందరగా కావాలంటే మరి అన్నయ్య చెప్పిందే చెయ్యమ్మా," అన్నాడు. గెలిచినవాడికి కూడా ఆనందం దక్కనివ్వడు.

సాయంత్రం బావమరిది ఇంట్లో టీవీ పెట్టాను. మామగారు మంచం మీద కూర్చుని చూస్తున్నారు. చాలా ఏళ్ల తర్వాత నేను పనిచేస్తుంటే ఆయన చూస్తున్నారు. ఫ్యాను కూడా నా వైపు తిప్పారు. ఒళ్లు తేలిపోయింది నాకు. వైరు లాప్‌టాప్‌కి తగిలించి మీట నొక్కాను. బొమ్మ వచ్చింది. వచ్చింది గానీ చుట్టూ వేలెడు మందాన నల్లంచు. లాప్‌టాప్ తన బొమ్మని కాస్త కుదించి పంపుతోంది. దానికి లాప్‌టాప్ సెట్టింగుల్లోకి వెళ్లి పూర్తి కొలతకి సాగదియ్యాలి, టీవీలో కూడా బొమ్మ అంచులు కోయకుండా చూపించే 'ఫిట్' అన్నది ఎంచుకోవాలి. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు సగం తెలుసు, సగం తెలియదు.

"చుట్టూ ఆ నలుపేంటయ్యా?" అన్నారు మామగారు. "చిన్నల్లుడి షాపులో తెరలకి అలా ఉండదే."

గురువుగారి మాట గుర్తొచ్చింది. మామగారి మాట గుచ్చుకుంది. రిమోట్ తీసి 'జూమ్' నొక్కాను. బొమ్మ ఒక మెట్టు పెరిగింది. నలుపు పోయింది, దాంతోపాటు బొమ్మలో నాలుగువైపులా ఒక్కో వేలెడు కూడా పోయింది. మామగారు "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నారు. ఆ మాట కోసం నేను ఇంకో నాలుగు వేళ్లయినా పోగొట్టుకునేవాణ్ణి.

"మామయ్యా, కింద టైము కనపడట్లేదు," అంది అమ్మడు. "కింద ఉండే పట్టీ మొత్తం పోయింది."

"గోడకి గడియారం ఉంది కదమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. అమ్మడు కూడా నవ్వింది. నా మాటకి నవ్వింది. నేను లోపల లెక్క రాసుకున్నాను.

అప్పుడే అతను వచ్చాడు, పిల్లకి ఇయర్‌ఫోన్లు ఇవ్వడానికట. గుమ్మంలోంచే తెర వైపు చూశాడు. చెయ్యి మెడ మీదికెళ్లి టేపు పట్టుకుంది. దగ్గరకొచ్చి నా చెవి పక్కన, "అన్నయ్యా, ఫిట్ పెట్టి చూశారా?" అన్నాడు మెల్లగా.

నేను మెల్లగా అనలేదు. "టీవీ సంగతి నాకు చెబుతావా తమ్ముడూ? నువ్వు గుండీలు కుట్టే రోజుల నుంచి ఇదే నా పని," అన్నాను, మంచం దాకా వినపడేలా. అతను నవ్వి, టేపు వదిలి, ఇయర్‌ఫోన్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నవాడిలా రొమ్ము విరుచుకుని ఇంటికొచ్చాను.

సోమవారం పదింటికి పరీక్ష. ఎలా జరిగిందో అమ్మడు తర్వాత పూసగుచ్చినట్టు చెప్పింది. ముప్పావు గంట టైము. తెర నిండా పరీక్షే తెరుచుకుంది. ఎడమవైపు పాత పుస్తకం పేజీ, కుడివైపు టైపు చేసే పెట్టె. తెర మరీ పెద్దదై, మరీ దగ్గరై, ఎడమకీ కుడికీ మెడ తిప్పుకుంటూ కొట్టింది. అక్షరం నొక్కాక తెర మీద పడటానికి రెప్పపాటు ఆలస్యమవుతుంటే మొదట్లో రెండుసార్లు కొట్టేసి చెరిపింది. అయినా పాతిక నిమిషాల్లో పేజీ అయిపోయింది. చేతివేగం దానికి మొదట్నుంచీ ఉంది. మిగిలిన ఇరవై నిమిషాలు ఏం చేసింది? కామాలూ చుక్కలూ దిద్దుకుంటూ, గోడ గడియారం చూసుకుంటూ కూర్చుంది. టైమైపోయింది. పెట్టె దానంతటదే మూసుకుంది. ఇంట్లో అందరికీ 'చాలా తేలికగా ఉంది' అని చెప్పింది.

బుధవారం జవాబొచ్చింది. 'తప్పులు లేవు. కానీ రెండో పేజీ మొదలుపెట్టలేదు. ఎంపిక కాలేదు.'

అమ్మడు లాప్‌టాప్ చంకనపెట్టుకుని నా షాపుకే వచ్చింది. ఏడవట్లేదు. ఏడ్చి వచ్చింది. "రెండో పేజీ లేదు మామయ్యా. ఒట్టు. ఒకటే ఉంది. మీరు చూడండి, వాళ్లిచ్చిన నమూనా పరీక్ష ఇందులో ఉంది."

షాపులో ఒక టీవీకి తగిలించాను. మళ్లీ నల్లంచు వచ్చింది. మళ్లీ నా చెయ్యి దానంతటది జూమ్ మీదికి పోబోయింది. ఆపాను. నలుపు అలాగే ఉండనిచ్చి చూశాను. నమూనా తెర అడుగున సన్నటి పట్టీ. దాని మీద ఒక మూల మిగిలిన టైము. ఇంకో మూల 'రెండిట్లో ఒకటో పేజీ' అన్న చిన్న అక్షరాలు, పక్కనే ఒక బాణం గుర్తు. బాణం నొక్కాను. రెండో పేజీ వచ్చింది.

అమ్మడు తెర వైపు చూసింది, నా వైపు చూసింది. లాప్‌టాప్ మూసి, వైరు చుట్టి, "వస్తా మామయ్యా," అంది. ఒక్క తిట్టు తిట్టినా నాకు తేలికయ్యేది. దారి దాటుతుందేమో అనుకున్నాను, దాటలేదు. తిన్నగా ఇంటికెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను ఒక్కసారి కూడా ఎదురు బెంచీ లెక్కపెట్టలేదు.

సాయంత్రం మా ఆవిడా నేనూ బావమరిది ఇంటికెళ్లాం. నేను తేలుకుట్టిన దొంగలా గుమ్మం పక్కనే నిలబడ్డాను. బావమరిది అప్పటికే మొదలెట్టాడు. పేజీ ఉందో లేదో కూడా చూసుకోలేనిది ఏం చదువుతుంది, ఈ ఏడాదితో చాలు అంటున్నాడు. నా పేరు చెప్పేస్తే అమ్మడు నిందలోంచి బయటపడిపోతుంది. చెప్పట్లేదు. పెద్దమామయ్య పరువు కాపాడుతోంది కాబోలు. నా పరువు దాని చదువుకంటే ఖరీదైనదా? నేను నోరు తెరవాలి. తెరుద్దామనుకుంటున్నాను. మామగారు మంచం మీద ఉన్నారు.

అంతలో చిన్నల్లుడు లోపలికొచ్చాడు. సంగతేమిటో అమ్మడి దగ్గర రెండు మాటల్లో కనుక్కున్నాడు. తర్వాత బావమరిది ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మడి తప్పేం లేదు బావా. తెర సరిగ్గా సర్దలేదు, అడుగున పట్టీ కనపడలేదు. తప్పు నాది. ఆ రోజు నేను చూశాను, చూసి ఊరుకున్నాను."

మామగారు మంచం మీద సర్దుకుని కూర్చున్నారు. "చూశారా," అన్నారు అందరివైపూ తిరిగి. "తప్పు ఒప్పుకోవడానికి కూడా గుండె కావాలి. నా చిన్నల్లుడికి ఉంది."

అప్పుడు నాకేమైందో చెబితే మీరు నన్ను మనిషి కింద జమకట్టరు. సిగ్గు కాదు ముందు వచ్చింది. పశ్చాత్తాపమూ కాదు. కుళ్లు వచ్చింది. పన్నెండేళ్లలో ఎప్పుడూ రానంత కుళ్లు. మామగారి పొద్దుటి కబుర్లు పట్టుకుపోయాడు, ఊరుకున్నాను. నా షాపు ముందు జనాన్ని పట్టుకుపోయాడు, ఊరుకున్నాను. ఇప్పుడు చివరికి నా తప్పు కూడా పట్టుకుపోయి, దాని మీద మెప్పు కొట్టేస్తున్నాడు.

"అది నాది," అన్నాను గుమ్మంలోంచి.

అందరూ తిరిగారు.

"ఆ తప్పు నాది. అతనిది కాదు. టీవీ పెట్టింది నేను. జూమ్ నొక్కింది నేను. పట్టీ కనపడట్లేదని పిల్ల చెబితే గోడ గడియారం చూసుకోమంది నేను. ఫిట్ పెట్టమని ఇతను చెబితే గుండీలు కుట్టుకునేవాడివన్నది నేను. మానిటరే మంచిదని మొదటే చెప్పాడు. నాకూ తెలుసు. అయినా టీవీ అంటగట్టాను." ఆగితే మళ్లీ నోరు పెగలదని ఆపకుండా చెప్పేశాను. "మామగారూ, మీరు నలుపేంటని అడిగారు చూడండి, ఆ నలుపే సరైనది."

మామగారు తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వైపు చూశారు. మా ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది, నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. బావమరిది గొంతు తగ్గింది. అమ్మడు లేచొచ్చి, "మామయ్యా, ఇదే వాళ్లకి రాస్తాను. మీరు పక్కన కూర్చుని చెప్పండి," అంది. కూర్చుని చెప్పాను. ఆ టీవీ మీదే నమూనా పరీక్ష తెరిచి తీసిన రెండు ఫోటోలు కూడా జతచేశాం, ఒకటి జూమ్‌తో, ఒకటి జూమ్ లేకుండా. మర్నాటికి జవాబొచ్చింది. ఈసారికి మార్చలేమట, వచ్చే నెల కొత్త జట్టుతో మళ్లీ కూర్చోమన్నారు. బావమరిది అప్పటిదాకా ఆగుతానన్నాడు.

వారానికి మానిటర్ వచ్చింది. టీవీని గోడకెక్కించాం, క్లాసులప్పుడు అమ్మడు మంచం మీద కూర్చుని దాన్ని చూస్తుంది. బల్ల మీద మానిటర్ పెట్టాం. అతను టేపు లాగాడు. చెయ్యి చాపినంత దూరం, తెర పైఅంచు కంటికి సమానంగా. నేను నమూనా పరీక్ష తెరిచి నాలుగు మూలలూ వేలుపెట్టి చూశాను. పట్టీ ఉంది, టైముంది, బాణం ఉంది.

రెండో పరీక్ష రోజు అలికిడి లేకుండా ఉండాలని అమ్మడు మా ఇద్దర్నీ బయటికి పంపి తలుపేసుకుంది. అరుగు మీద ఇద్దరం కూర్చున్నాం. ఆ పన్నెండేళ్లలో పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. లోపల్నుంచి కీబోర్డు చప్పుడు వినపడుతోంది.

"ఆ రోజు నన్ను వెనకేసుకు రావాల్సింది కాదు," అన్నాను చివరికి. "నా తప్పు నువ్వెందుకు మోయాలి?"

"మీది మోయలేదన్నయ్యా," అన్నాడు టేపు వేలికి చుట్టుకుంటూ. "నేను చెప్పింది నా తప్పే. చూసి ఊరుకున్నానన్నాను కదా, అది నిజం. మీరు కోప్పడ్డారని కాదు ఊరుకున్నది. అమ్మడు ముందు మీ దగ్గరికెళ్లి అడిగింది. కంప్యూటర్ సంగతి, నేను ఎదురుగా ఉండగా, మీ దగ్గరికెళ్లింది. ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. సాయంత్రం అడుగున పట్టీ లేకపోవడం చూశాను. ఇంకోసారి గట్టిగా చెప్పొచ్చు. పిల్లకి విడిగా చెప్పొచ్చు. ఐదు రోజులుంది. చెప్పలేదు. పోతే పోనీ, అప్పుడు తెలుస్తుంది అందరికీ అనుకున్నాను."

నేను అతని వైపు తిరిగి చూశాను. మెడలో టేపు, చొక్కాకి రెండో గుండీ లేదు.

"మామగారు నా బెంచీ మీద కూర్చుంటారు చూడండి," అన్నాడు. "పొద్దున నుంచీ మీ మాటే. పెద్దల్లుడు వచ్చి మూత విప్పితే ఎంత టీవీ అయినా పలికేదంటారు. పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను."

కోప్పడాల్సిన మాటే. పిల్ల బతుకు మీదికి తెచ్చావు కదరా అనాలి. ఆ మాట అనడానికి నాకు మొహం ఎక్కడుంది? నిజం చెప్పాలంటే కోపం రాలేదు. చాలా ఏళ్ల తర్వాత ఊపిరి ఆడింది.

"నీ బెంచీ మీద ఎంతమందున్నారో నేను రోజూ లెక్కపెడతాను," అన్నాను.

"నాకు తెలుసు. అద్దం అంతసేపు ఎవరూ తుడవరు," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. అమ్మడు గుమ్మంలో నిలబడింది. వేళ్లు విరుచుకుంటోంది. "ఈసారి మూడు పేజీలిచ్చారు మామయ్యా," అంది. "మూడూ అయ్యాయి."

ఎంపికైనట్టు కబురు ఆ వారంలోనే వచ్చింది, ఇప్పుడు అమ్మడు మూడో ఏడు చదువుతోంది. కానీ ఆ రోజు గుమ్మంలో అది 'మామయ్యా' అన్నది ఎవర్ని చూసి అన్నదో మేమిద్దరం ఇప్పటికీ తేల్చుకోలేదు. అతను తననే అంటాడు. నేను ఒప్పుకోను.